బాలింత డబ్బాలో ఏముంది? మెంతి లడ్డు, కాయం, కాసిని మంచినీళ్ళు

డబ్లిన్‌లో లెపర్డ్స్‌టౌన్, శాండీఫోర్డ్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ పక్క వాళ్ళలో ఎక్కువమంది కాన్పుకి హోల్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మెటర్నిటీ హాస్పిటల్‌కి వెళతారు. నెలలు నిండేసరికి ఊరి నుంచి అమ్మో అత్తగారో వస్తారు, వాళ్ళ సూట్‌కేసులో శొంఠి, వాము, మెంతులు, పిప్పళ్ళు, నల్లబెల్లం వస్తాయి. ఇక్కడి మిడ్‌వైఫ్‌కి వాటి పేర్లు తెలియవు, తెచ్చిన పెద్దావిడకి ఇక్కడి మందుల పేర్లు తెలియవు. ఆ రెంటినీ కలిపి చూసుకోవలసింది బాలింతే.

ముందు మెంతి లడ్డు సంగతి. మన ఇళ్ళలో తరచూ వినే కొలత ఇది: వేయించి పొడి కొట్టిన మెంతులు 100 గ్రాములు, గోధుమపిండి 500, బెల్లం 400, నెయ్యి 300. మొత్తం 1300 గ్రాములు, 30 ఉండలు అవుతాయి. నెయ్యి ఊరి నుంచి తేకండి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు సామానులో తేవడానికి అనుమతి లేదు. ఇక్కడి 454 గ్రాముల వెన్న ప్యాకెట్ కాస్తే ఇంచుమించు 360 గ్రాముల నెయ్యి వస్తుంది. ఇక్కడ మామూలుగా అమ్మేది ఉప్పు వేసిన వెన్న, కాబట్టి ఉప్పు లేనిది అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు ఒక్క లడ్డు లెక్క చూద్దాం. అందులో మెంతులు 3 గ్రాముల పైన, బెల్లం 13 గ్రాములు, నెయ్యి 10 గ్రాములు. శక్తి సుమారు 210 కేలరీలు. బిడ్డకి పూర్తిగా తన పాలే ఇచ్చే తల్లికి రోజుకి సుమారు 500 కేలరీలు అదనంగా కావాలి. అంటే రెండు లడ్లు ఆ అవసరాన్ని చాలావరకు తీరుస్తాయి. రాత్రి రెండు గంటలకి బిడ్డ లేచినప్పుడు పొయ్యి వెలిగించకుండా ఒంటి చేత్తో తినగలిగే తిండి ఇది. పెద్దవాళ్ళ పద్ధతిలో అసలు బలం అదే.

పాలు పడతాయన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. మెంతుల మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, ఫలితాలు ఒక తీరుగా లేవు. పాలు పెరగడానికి ముఖ్య కారణం బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు సరిగ్గా పట్టుకుని తాగడం. పాల కోసం మెంతులు వాడేవాళ్ళు మామూలుగా తీసుకునేది రోజుకి 1 నుంచి 6 గ్రాములు. పై కొలతతో చేసిన లడ్లు రెండు తింటేనే ఆ హద్దు దాటుతుంది. నాలుగు తింటే రెట్టింపు. అందుకే మెంతులు 50 గ్రాములకి తగ్గించండి. అప్పుడు రెండు లడ్లలో 3 గ్రాముల పైచిలుకే ఉంటాయి, చేదూ తగ్గుతుంది.

ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? తల్లికి కడుపు ఉబ్బరం, విరేచనాలు. చెమటకీ మూత్రానికీ, ఒక్కోసారి బిడ్డ మూత్రానికీ పాకం లాంటి తీపి వాసన. ఆ వాసన వల్ల హాని లేదు గాని, బిడ్డని డాక్టరుకి చూపించినప్పుడు మెంతులు తింటున్నామని చెప్పాలి. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బులోనూ అదే వాసన వస్తుంది. బిడ్డకీ విరేచనాలు మొదలైతే మెంతులు ఆపేయాలి. వేరుశనగ, శనగలు పడనివాళ్ళకి మెంతులూ పడకపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్ళు, షుగరు మందులు వాడేవాళ్ళు మెంతుల గురించి ముందే డాక్టరుని అడగాలి. సిజేరియన్ తర్వాత ఆ ఇంజెక్షన్లు చాలామందికి ఇస్తారు.

గర్భంలో షుగరు వచ్చిన వాళ్ళకి ఇంకో లెక్క ఉంది. ఒక్క లడ్డులో పిండి, బెల్లం కలిసి ఒక చపాతీ కంటే కొంచెం ఎక్కువే. రోజుకి ఒకటి చాలు, అది కూడా చపాతీకి బదులుగా తినాలి, చపాతీ మీద అదనంగా కాదు. 6 నుంచి 12 వారాల మధ్య చేసే షుగరు పరీక్షని మానకూడదు.

రెండోది కాయం. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము, జీలకర్ర, ధనియాలు దంచి, బెల్లం పాకంలో నెయ్యో నువ్వులనూనో వేసి ఉడికించే ముద్ద. ఇంటింటికీ పాళ్ళు మారతాయి. ఉసిరికాయంత తింటే అందులో మసాలా దినుసులు కొద్ది గ్రాములే, ఆ మేరకి భయపడనక్కరలేదు. తిప్పలు వచ్చేది "పరగడుపున" అన్న మాట దగ్గర. ఆపరేషన్ నొప్పులకి ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కడుపుని మండిస్తాయి. ఖాళీ కడుపున ఘాటు కాయం కూడా తోడైతే ఛాతీలో మంట. టిఫిన్ తిన్నాక చిన్న ఉండ తింటే సరిపోతుంది. అమ్మతో గొడవ పడనక్కరలేదు, "తిన్నాక వేసుకుంటానమ్మా" అంటే చాలు.

ఇంట్లో దంచిన కాయం వేరు, పేరు తెలియని లేహ్యం సీసా వేరు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 పరీక్షిస్తే, సుమారు ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించింది. లోహ భస్మాలు కలిపిన వాటిలో ఇది ఎక్కువ. సీసం తల్లిపాలలోకీ వెళుతుంది. సీసా మీద ప్రతి దినుసు పేరూ లేకపోతే, భస్మం అన్న మాట కనిపిస్తే, బాలింతకి పెట్టకండి.

బెల్లం, నువ్వుల ఉండలు రక్తం పట్టిస్తాయంటారు. 13 గ్రాముల బెల్లంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. కాన్పులో రక్తం ఎక్కువ పోయి ఐరన్ మాత్రలు రాసి ఉంటే, లడ్డు వాటికి తోడే గాని బదులు కాదు. మాత్రకి ముందూ వెనకా ఓ గంట టీ తాగకండి.

అన్నిటికంటే గట్టిగా కాదనవలసిన పథ్యం నీళ్ళ విషయంలో. నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని, పుండు చీము పడుతుందని, రోజుకి రెండు గ్లాసులకి మించి ఇవ్వని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కాన్పు తర్వాత 6 వారాలు రక్తం గడ్డకట్టే గుణం మామూలు కంటే ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే ఆ ముప్పు పెరుగుతుంది. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిన బాలింతలని మన దేశపు డాక్టర్లు ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నారు. వాము నీళ్ళు, జీలకర్ర నీళ్ళు, గోరువెచ్చటి నీళ్ళు, చారు ఏవైనా సరే, దాహానికి హద్దు పెట్టకండి. బిడ్డ పాలు తాగే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు ఉంచుకుంటే లెక్క పెట్టే పని ఉండదు. మూత్రం లేత రంగులో వస్తుంటే నీళ్ళు చాలుతున్నట్టే.

కాయానికీ కషాయానికీ వదిలేయకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, ఊపిరి ఆడకపోవడం, చలితో జ్వరం. వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతే, మూర్ఛ వస్తే 112 లేదా 999.

ఐర్లండ్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మూడు రోజుల లోపు పబ్లిక్ హెల్త్ నర్సు ఇంటికి వస్తుంది. ఆమె వచ్చేసరికి లడ్డు డబ్బా, కాయం సీసా బల్ల మీద పెట్టి ఉంచండి. మెంతులని ఫెన్యుగ్రీక్ అని, శొంఠిని డ్రై జింజర్ అని, పిప్పళ్ళని లాంగ్ పెప్పర్ అని చెప్పండి. రోజుకి ఎంత తింటున్నారో, వాడుతున్న మందులేమిటో కూడా ఒక కాగితం మీద రాసి చూపించండి. 6 వారాలకి తల్లినీ బిడ్డనీ జీపీ ఉచితంగా చూసేటప్పుడు కూడా అదే కాగితం పనికొస్తుంది.