వంటమనిషికి పంపే మెసేజ్‌లో ఏమేం ఉండాలి?

"వంటమనిషి కావాలి. జీతం మాట్లాడుకుందాం." అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే మెసేజ్ ఇది. హైదరాబాద్‌లో వంటకు వెళ్లే ఆడవాళ్లలో చాలామంది పొద్దున పూటే రెండు మూడు ఇళ్లు చేస్తారు. మన ఇంట్లో అరగంట ఆలస్యమైతే తర్వాతి ఇంట్లో మాట పడేది ఆవిడే. అందుకే జీతంతో పాటు టైము కూడా ముందే తెలియాలి.

టైము సరిగ్గా చెప్పాలంటే పని ఎంతో చెప్పాలి. నలుగురికి అన్నం, పప్పు, కూర అయితే ఒక లెక్క, చపాతీలూ పిల్లల బాక్సులూ చేరితే ఇంకో లెక్క. తర్వాత వచ్చే పేచీలన్నీ కూరగాయలు ఎవరు తరగాలి, గిన్నెలు ఎవరు తోమాలి, చుట్టాలొస్తే ఎలా అన్న దగ్గరే. ఇలా రాయొచ్చు (అంకెలు ఉదాహరణకే, మీ పేటలో నడిచే రేటు కనుక్కోండి):

"నమస్తే అమ్మా. మేం నలుగురం. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున 6:30కి వచ్చి 8:30కి వెళ్లొచ్చు. ఒక టిఫిన్, అన్నం, పప్పు, ఒక కూర, 12 చపాతీలు చేయాలి. బుధవారం చికెన్. కూరగాయలు తరగడం, స్టవ్ గట్టు తుడవడం మీరే చేయాలి. గిన్నెలకు వేరే ఆవిడ వస్తారు. నెలకు 6,500, ఒకటో తారీఖున ఇస్తాం. ఆదివారాలు సెలవు. అవి కాక నెలకో రోజు సెలవు పెట్టినా జీతం కోయం. చుట్టాలొస్తే పూటకు 150 అదనం. ముందు ఆరు రోజులు చేసి చూడండి, రోజుకు 250. ఎవరికి కుదరకపోయినా ఆ డబ్బు అదే రోజు ఇచ్చేస్తాం."

ఆ 250 ఎలా వచ్చిందంటే, నెలజీతాన్ని పనిచేసే 26 రోజులతో భాగించాం. 30తో భాగిస్తే 217 దగ్గర ఆగుతుంది, ఆదివారాల జీతం కోసేసినట్టే. ఇక చేసి చూసే రోజులకు డబ్బే ఇవ్వకపోవడం అన్యాయం.

మొదటి రెండు రోజులు పోపుడబ్బా ఎక్కడుందో వెతుక్కోవడానికే సరిపోతాయి, అప్పుడే రుచిని బట్టి తేల్చేయకూడదు. ఐదో రోజు కూడా తొమ్మిదైతే మాత్రం, ఆవిడ నెమ్మది అనుకునే ముందు మనం చెప్పిన పని రెండు గంటల్లో పట్టేదేనా అని చూసుకోవాలి. పట్టకపోతే చపాతీలు తగ్గించాలి, లేదా టైమూ జీతమూ పెంచాలి.

ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం కూడా పని, గంటలు, జీతం, సెలవులు, ట్రయల్ ఉంటే ఎన్నాళ్లన్నదీ పనివారికి అర్థమయ్యేలా ముందే చెప్పాలంటుంది. వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఇవ్వాలనీ అంటుంది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. కాబట్టి ఈ మెసేజే ఇద్దరికీ ఆధారం.

ఆవిడకు చదవడం రాకపోతే ఇవే మాటలు వాయిస్ మెసేజ్‌గా పంపాలి. ఆర్నెల్ల తర్వాత రాత్రి వంట కూడా కలిపితే, కొత్త టైముతో, కొత్త జీతంతో మళ్లీ ఒకటి పంపాలి.