లూప్ కలిసినా దొరకని తప్పు

గుట్ట కింద ఒక బెంచ్‌మార్క్ ఉంది. పైన కట్టబోయే నీళ్ల ట్యాంకు స్థలం అక్కడికి 40 మీటర్ల ఎత్తున ఉంది. ఆటో లెవెల్‌తో లెవెల్స్ తీసుకుంటూ పైకి వెళ్లి, అదే దారిలో దిగి, మళ్లీ బెంచ్‌మార్క్ మీద స్టాఫ్ పెట్టి లెక్క ముగించారు. తేడా 2 మిల్లీమీటర్లే వచ్చింది. లూప్ ఇంత బాగా కలిస్తే పని సరిగ్గా జరిగిందనే ఎవరైనా అనుకుంటారు. అయినా ట్యాంకు స్థలం ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు తప్పు పడి ఉండవచ్చు.

ఈ తప్పు పరికరంలోనే ఉంటుంది. లెవెల్‌లో బుడగ మధ్యలో నిలిచినప్పుడు దుర్భిణిలో కనిపించే అడ్డగీత వెంట మన చూపు సరిగ్గా సమతలంగా పోవాలి. లారీలో కుదుపులకో, స్టాండ్ ఒకసారి పడిపోయినందుకో ఆ గీత కాస్త కదిలితే చూపు పైకో కిందికో వాలుతుంది. బుడగ మాత్రం ఎప్పటిలాగే మధ్యలోనే ఉంటుంది. ఈ వాలునే కొలిమేషన్ దోషం అంటారు. వాలు స్థిరంగా ఉంటుంది కాబట్టి స్టాఫ్ ఎంత దూరంలో ఉంటే రీడింగులో తప్పు అంత పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు తప్పు చూపే పరికరం 40 మీటర్ల దగ్గర 6 మిల్లీమీటర్లు చూపుతుంది.

గుట్ట ఎక్కేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. వెనకాల పల్లంలో ఉన్న స్టాఫ్‌ను చాలా దూరం నుంచి చూడగలం. ముందు నేల పైకి లేస్తుంది కాబట్టి అటువైపు కొద్ది దూరానికే చూపు నేలను తాకుతుంది. అందుకే బ్యాక్‌సైట్ 40 మీటర్లు, ఫోర్‌సైట్ 15 మీటర్లు అన్నట్టుగా పని సాగుతుంది. చూపు మీటరుకు 0.15 మిల్లీమీటరు చొప్పున పైకి వాలి ఉంటే, ఆ 25 మీటర్ల తేడా వల్ల ఒక్కో స్టేషన్‌కు 3.75 మిల్లీమీటర్లు అదనపు ఎత్తు లెక్కలో చేరుతుంది. స్టేషన్‌కు 2 మీటర్ల చొప్పున ఎక్కితే మొత్తం 20 స్టేషన్లు, 75 మిల్లీమీటర్లు. దిగేటప్పుడు దూరాలు తారుమారవుతాయి: ఫోర్‌సైట్ పొడవు, బ్యాక్‌సైట్ పొట్టి. దిగిన లోతు కూడా అదే 75 మిల్లీమీటర్లు ఎక్కువగా లెక్కకు వస్తుంది. ఎక్కువ ఎక్కినట్టు, అంతే ఎక్కువ దిగినట్టు తేలాక, కింద లూప్ కలవకుండా ఎలా ఉంటుంది? అందుకే ఈ దోషానికి లూప్‌ను నమ్మకూడదు, పరికరాన్నే విడిగా పరీక్షించాలి. దానికున్న పద్ధతి టూ-పెగ్ టెస్ట్.

కావలసింది 60 మీటర్లకు పైగా చదునైన గట్టి నేల, రెండు మేకులు, ఒక స్టాఫ్. A, B అనే మేకులను 60 మీటర్ల దూరంలో కదలకుండా దిగగొట్టి, లెవెల్‌ను సరిగ్గా మధ్యలో నిలపాలి. ఒక పరీక్షలో ఇలా వచ్చిందనుకుందాం: A మీద 1.482, B మీద 1.236. తేడా 0.246 మీటర్లు. పరికరంలో దోషం ఉన్నా ఈ తేడా మాత్రం నిజమైనదే. రెండు వైపులా 30 మీటర్లే కాబట్టి రెండు రీడింగుల్లోనూ ఒకే తప్పు ఉంటుంది, తీసివేతలో అది పోతుంది. అంటే మన దోషమున్న పరికరమే మనకు నిజం చెప్పింది. ఈ పరీక్షలో నాకు ఎంతో నచ్చే సంగతి ఇదే. మధ్య బిందువు మీటరు అటూఇటూ అయినా ఫరవాలేదు. రెండు దూరాల మధ్య తేడా 2 మీటర్లే కాబట్టి తప్పు 0.3 మిల్లీమీటరు దాటదు.

ఇప్పుడు లెవెల్‌ను అదే గీతలో A కి అవతల 3 మీటర్ల దూరానికి మార్చాలి. B అక్కడి నుంచి 63 మీటర్లు. A మీద 1.527 వచ్చింది. B దానికంటే 0.246 ఎత్తులో ఉందని మనకు తెలుసు కాబట్టి అక్కడ 1.281 రావాలి. వచ్చింది 1.290. దూరాల తేడా 60 మీటర్లకు 9 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే చూపు మీటరుకు 0.15 మిల్లీమీటరు పైకి వాలి ఉంది. భూమి వంపు వల్ల ఇంత దూరంలో వచ్చే తేడా పావు మిల్లీమీటరే, దాన్ని వదిలేయవచ్చు.

ఇక్కడ తొందరపడకూడదు. మేకు కొంచెం దిగబడినా, స్టాఫ్ నిలువుగా లేకపోయినా, అడ్డగీత స్పష్టంగా ఫోకస్ కాక కన్ను కదిపినప్పుడు స్టాఫ్ మీద జరుగుతున్నా, ఇలాంటి 9 మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. స్టాఫ్‌ను మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపించి అతి తక్కువ రీడింగు తీసుకోవాలి. లెవెల్ ఎత్తు మార్చి పరీక్ష మొత్తం మళ్లీ చేయాలి. రెండోసారీ తొమ్మిదికి దగ్గరగా వస్తే దోషం పరికరానిదే. ఒకసారి 9, మరోసారి 2 వస్తే సరిచేసే స్క్రూ జోలికి వెళ్లకూడదు. మేకులనో, ఆటో లెవెల్ లోపల చూపును సమతలంలో ఉంచే కాంపెన్సేటర్‌నో అనుమానించాలి. దుర్భిణిని వేలితో మెల్లగా తట్టినప్పుడు గీత కదిలి మళ్లీ పాత రీడింగుకే రాకపోతే కాంపెన్సేటర్ ఎక్కడో పట్టేస్తోందని అర్థం. అది వర్క్‌షాపులో చేయించాల్సిన పని.

సరిచేయడం ఆ రెండో స్థానం నుంచే చేయాలి. గురి 1.281 అనే అంకె కాదు. A దగ్గరి రీడింగులో కూడా 3 మీటర్లకు 0.45 మిల్లీమీటరు తప్పు ఉంది కదా. B వరకు 63 మీటర్లకు తప్పు 9.45 మిల్లీమీటర్లు, 1.290 లోంచి అది తీస్తే 1.2805. మిల్లీమీటరు వరకే చదివే స్టాఫ్ మీద ఇది పట్టించుకునేంత తేడా కాదు. కానీ లెవెల్‌ను A కి 10 మీటర్ల దూరంలో పెట్టి ఉంటే ఆ తేడా ఒకటిన్నర మిల్లీమీటరు అయ్యేది. అందుకే ఆ మేకుకు దగ్గరగా పెట్టమంటారు.

ముందు గుండ్రటి బుడగ సరిగ్గా ఉందో లేదో చూడాలి, చూపు పని ఆ తర్వాతే. చాలా ఆటో లెవెల్‌లలో కంటిముక్క దగ్గర చిన్న మూత కింద ఒక స్క్రూ ఉంటుంది. దుర్భిణిలో చూస్తూ అడ్డగీత 1.2805 మీదికి వచ్చేదాకా దాన్ని కొంచెం కొంచెంగా తిప్పాలి. పాత డంపీ లెవెల్‌లో అడ్డగీత ఉన్న చట్రాన్ని పైనా కిందా స్క్రూలు పట్టి ఉంచుతాయి. ఒకదాన్ని వదులు చేశాకే రెండోదాన్ని బిగించాలి. రెండూ ఒకేసారి బిగిస్తే చట్రం నొక్కుకుని, నాలుగు రోజులకే మళ్లీ జారుతుంది. టిల్టింగ్ లెవెల్‌లో పద్ధతి తిరగబడుతుంది. టిల్టింగ్ స్క్రూతో ముందు గీతను సరైన రీడింగుకు తెస్తాం, అప్పుడు పక్కకు పోయిన బుడగను దాని నట్లతో మధ్యకు రప్పిస్తాం.

తర్వాత పరీక్షను మొదటి నుంచీ మళ్లీ చేయాలి. 60 మీటర్లకు సున్నా రావడం అరుదు, 2 మిల్లీమీటర్ల లోపు వస్తే మామూలు కట్టడాలకు ఆపేయవచ్చు. ఫలితాన్ని తేదీతో సహా ఫీల్డ్ బుక్‌లో రాసి ఉంచితే, తర్వాతి పరీక్షలో పరికరం కదిలిందో లేదో తెలుస్తుంది.

బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ దూరాలను సమానంగా ఉంచే అలవాటును దీని తర్వాత కూడా వదలకూడదు. గుట్ట మీద దానికి దారి స్టేషన్లు పెంచి బ్యాక్‌సైట్‌ను కుదించడమే. శ్లాబు పోసే చోట, పునాది గుంటలో అదీ కుదరదు. ఒకే చోట నిలబడి 5 మీటర్ల నుంచి 45 మీటర్ల దాకా పదుల బిందువులు చూడాలి. సరిచేయని ఆ పరికరంతో ఆ 40 మీటర్ల తేడాకు శ్లాబు లెవెల్ 6 మిల్లీమీటర్లు తప్పుతుంది. 60 మీటర్లకు 1 మిల్లీమీటరు దాకా సరిచేసిన పరికరంతో అది 0.7 మిల్లీమీటరు దాటదు, సెంటీమీటరు గడులున్న స్టాఫ్ మీద కంటి అంచనాతో చదివే రీడింగుకు అంతకంటే అవసరం లేదు.