డొమైన్ రెన్యూవల్ బిల్లు కట్టే ముందు మూడు సంగతులు చూడండి

విజయవాడలో పచ్చళ్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారి ఉన్నారనుకుందాం. జూన్ నెలలో ఆయన మెయిల్‌కి ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన ఆయన వెబ్‌సైట్ పేరు, దుకాణం అడ్రసు ఉన్నాయి. కింద ఇన్‌వాయిస్ నంబరు, 6,800 రూపాయల మొత్తం, 48 గంటల్లో కట్టకపోతే డొమైన్ రద్దవుతుందన్న హెచ్చరిక ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అందుకే నిజమనిపిస్తుంది.

కానీ వివరాలు సరిగ్గా ఉండటం దేనికీ రుజువు కాదు. వెబ్‌సైట్‌లో అడ్రసు, ఫోన్ నంబరు మనమే పెడతాం. డొమైన్ గడువు తేదీ ఎవరైనా చూడగలిగే రికార్డులో ఉంటుంది. ఆ రెండూ కలిపితే బిల్లు తయారు. అందుకని బిల్లును కాదు, రికార్డును నమ్మాలి.

ఆయన చేయాల్సిన మొదటి పని, ఆ మెయిల్‌లోని లింకు నొక్కకుండా బ్రౌజర్‌లో lookup.icann.org అని స్వయంగా టైప్ చేసి, తన .com పేరు వెతకడం. డొమైన్ .in అయితే registry.in లో చూడాలి. ఓనరు పేరు అక్కడ కనిపించకపోవచ్చు, దానితో పని లేదు. కావలసినవి రెండే: రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఎప్పుడు. మన వ్యాపారి రికార్డులో రిజిస్ట్రార్‌గా మరో కంపెనీ పేరుంది, గడువు వచ్చే ఫిబ్రవరిలో ఉంది. బిల్లు పంపినవాళ్లకూ ఆ డొమైన్‌కూ సంబంధం లేదని సగం తేలిపోయింది.

సగమే అనడానికి కారణం ఉంది. మన ఊళ్లలో చాలామంది డొమైన్‌ను నేరుగా కొనరు, వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడే కొనిపెడతాడు. అతను రీసెల్లర్ దగ్గర కొని ఉంటే రికార్డులో వేరే పేరు కనిపిస్తుంది, అయినా అతను పంపిన బిల్లు నిజమే కావచ్చు. కాబట్టి మొదట డబ్బు ఎవరికి కట్టారో పాత రసీదులో, బ్యాంకు స్టేట్‌మెంటులో చూడండి. పాత నంబరుకే ఫోన్ చేయండి, కొత్త బిల్లు మీదున్న నంబరుకు కాదు.

తేదీ విషయంలోనూ ఒక చిక్కుంది. .com డొమైన్ గడువు దాటగానే రిజిస్ట్రీ దాన్ని తనంతట తానే ఇంకో ఏడాదికి పొడిగించినట్టు చూపవచ్చు. మీరు కట్టకపోతే రిజిస్ట్రార్ దాన్ని వెనక్కి తీసుకోగలడు. అందుకే గడువు దగ్గర్లో ఉన్నప్పుడు రికార్డు చూసి ఊరుకోకుండా, రిజిస్ట్రార్ ఖాతాలోకి లాగిన్ అయి తేదీ సరిచూసుకోవాలి.

మూడో సంగతి, బిల్లు దేనికన్నది. చిన్న అక్షరాలు చదవండి. కొన్నింటిలో ‘సెర్చ్ ఇంజిన్లలో నమోదు’ అని ఉంటుంది, అంటే డొమైన్‌తో సంబంధం లేని సేవ. కొన్నింటిలో ‘ఇది బిల్లు కాదు, ప్రతిపాదన మాత్రమే’ అని ఉంటుంది. ఇంకొన్ని రెన్యూవల్ పేరుతో డొమైన్‌ను వేరే రిజిస్ట్రార్‌కి మార్పించుకుంటాయి. 2003లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ‘డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా’ అనే సంస్థపై ఈ ఆరోపణతోనే కోర్టుకెళ్లింది. ట్రాన్స్‌ఫర్‌కు ఆథ్ కోడ్ కావాలి, దాన్ని అడిగిన ఏ రెన్యూవల్ నోటీసునూ నమ్మకండి.

48 గంటల బెదిరింపు సంగతేమిటి? .com వంటి డొమైన్లకు ఐకాన్ నిబంధన ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయాలి. రెన్యూ చేయకపోతే గడువు దాటాక ఐదు రోజుల్లోగా మళ్లీ చెప్పాలి. డొమైన్ తొలగించాక కూడా మామూలుగా 30 రోజుల పాటు, ఎక్కువ రుసుముతో, వెనక్కి తెచ్చుకునే వీలుంది. అలాగని ఆలస్యం చేయకూడదు. గడువు దాటితే వెబ్‌సైట్, దాని మీదున్న మెయిల్ ఆగిపోవచ్చు.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఆథ్ కోడ్ ఇచ్చేసి ఉంటే అసలు రిజిస్ట్రార్‌కి అదే రోజు చెప్పి ట్రాన్స్‌ఫర్ ఆపించండి. ఇంకా ఏమీ పంపనివాళ్లు రిజిస్ట్రార్ పేరు, లాగిన్ మెయిల్, గడువు తేదీ ఈరోజే లెక్కల పుస్తకంలో రాసి పెట్టుకోండి. బిల్లు వచ్చినప్పుడు దాంతో పోల్చి చూసి, సరిపోతేనే, అదీ మీ ఖాతాలోకి లాగిన్ అయి మాత్రమే చెల్లించండి.