మూడు వారాలు, ఒక్క గుర్తూ పడలేదు

పాయింట్ అండ్ ఫిగర్ చార్టులో కాలానికి కొలత లేదు. ధర పెరుగుతుంటే ఒక నిలువు వరుసలో ఎక్స్‌లు వేస్తారు, తిరగబడితే పక్క వరుసలో సున్నాలు వేస్తారు.

ఉదాహరణకు బాక్సు 10 రూపాయలు, రివర్సల్ 3 బాక్సులు అనుకుందాం. షేరు 500 నుంచి 547కి ఎక్కింది. చివరి ఎక్స్ 540 దగ్గర పడుతుంది. వరుస మారాలంటే ధర అక్కణ్ణించి 30 రూపాయలు తగ్గి 510కి రావాలి. తర్వాత మూడు వారాలు ధర 515, 548 మధ్యే ఊగిందనుకోండి. క్యాండిల్ చార్టు పదిహేను కడ్డీలతో కంగారు పెడుతుంది. ఇక్కడ కొత్త గుర్తే పడదు. ఆ తర్వాత 510కి దిగి, మళ్లీ ఎక్కి 540 దగ్గరే ఆగితే, రెండు ఎక్స్ వరుసల తలలు సమానంగా నిలుస్తాయి. అమ్మేవాళ్లు ఎక్కడ కాచుకున్నారో ఇట్టే తెలుస్తుంది. 550 దాటితే ఆ అడ్డు తొలగినట్టే.

బాక్సును 5కి తగ్గిస్తే రివర్సల్ 15 రూపాయలే. అదే ఊగులాట బోలెడు వరుసలవుతుంది. అందుకే గత ధరలకు అందంగా అతికే బాక్సును ఏరుకోవడం ప్రమాదమని నా నమ్మకం.

ఇంకో లోపముంది. ధర రాత్రికి రాత్రే 540 నుంచి 580కి ఎగిరినా మధ్య గడులన్నీ ఎక్స్‌లతో నిండుతాయి, అక్కడ ఒక్క లావాదేవీ జరగకపోయినా.