ఐదున్నరకు మోగాల్సిన రిమైండర్ ఆరూ యాభైకి ఎందుకు మోగింది?

మా అమ్మ రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. పరగడుపునే వేసుకోవాలని, ఆ తర్వాత కనీసం అరగంట కాఫీ ముట్టకూడదని డాక్టరు చెప్పారు. మరచిపోకుండా ఉంటుందని మాత్రల వేళ గుర్తుచేసే యాప్ ఒకటి ఆమె ఆండ్రాయిడ్ ఫోనులో వేసి, ఉదయం 5:30కి సమయం పెట్టాను. రెండు రోజులు సరిగ్గానే మోగింది. మూడో రోజు మోగలేదు. అమ్మ లేచి, కాఫీ తాగి, 6:50కి ఎవరికో ఫోను చేద్దామని చేతిలోకి తీసుకోగానే ‘మాత్ర వేళైంది’ అంటూ మోగింది. ప్రయాణం ఉన్న రోజుల్లో అదే ఫోనులో పెట్టుకునే గడియారం అలారం మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

ఫోను ఒకటే. ఒకటి మోగి, ఇంకొకటి మోగకపోవడానికి కారణం ఏమిటి?

యాప్ మేలుకుని ఉండదు

రిమైండర్ పెట్టిన యాప్ రాత్రంతా గడియారం చూస్తూ కూర్చుంటుందని అనుకుంటాం. అలా జరగదు. స్క్రీన్ ఆరిన కాసేపటికి ఫోనులోని ప్రాసెసర్ కూడా నిద్రలోకి జారుకుంటుంది. సమయం లెక్కపెట్టే ఒక చిన్న సర్క్యూట్ మాత్రం నడుస్తూ ఉంటుంది. లాడ్జిలో దిగినవాళ్లు ‘పొద్దున్నే లేపండి’ అని కౌంటరులో చీటీ ఇచ్చి పడుకున్నట్టు, యాప్ తనను ఫలానా సమయానికి లేపమని ఆండ్రాయిడ్‌కు చెప్పి ఊరుకుంటుంది. ఆ చీటీలు చూసే భాగం పేరు అలారం మేనేజర్. ఎప్పుడు లేపాలన్నది ఇక దాని చేతిలో ఉంటుంది.

చీటీ ఇచ్చిన ప్రతి యాప్‌నూ అడిగిన క్షణానికే లేపితే బ్యాటరీ నిలవదు. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు. నిద్రలో ఫోను 10 మిల్లీ ఆంపియర్లు, మెలకువలో 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. ఎనిమిది గంటలు పడుకుంటే ఖర్చయ్యేది 80, అంటే రెండు శాతం కూడా కాదు. అదే ఎనిమిది గంటలూ మేలుకుని ఉంటే 800, అంటే 16 శాతం. పైగా లేచిన యాప్ ఇంటర్నెట్‌ను వాడితే, పని అయిపోయాక కూడా రేడియో భాగం కొన్ని సెకన్ల పాటు ఆన్‌లోనే ఉంటుంది. ముప్పై యాప్‌లు ముప్పై వేర్వేరు నిమిషాల్లో లేవడం కంటే, అందరినీ ఒక్కసారే లేపి పని ముగించడం చాలా చవక.

డోజ్: ఫోను గాఢనిద్ర

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 ఈ ఆలోచనకే డోజ్ అని పేరు పెట్టింది. స్క్రీన్ ఆరి, ఛార్జర్ తీసేసి, కదలకుండా ఉన్న ఫోను దాదాపు గంటకు డోజ్‌లోకి వెళ్తుంది. అప్పుడు యాప్‌లకు ఇంటర్నెట్ ఆగిపోతుంది, మామూలు చీటీలన్నీ పక్కకు వెళ్తాయి. మధ్యమధ్య కొద్ది నిమిషాల మెలకువ వస్తుంది. పక్కన పెట్టిన పనులన్నీ అప్పుడే జరుగుతాయి. ఈ మెలకువల మధ్య విరామం పెరుగుతూ పోతుంది. ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో మొదటి విరామం ఒక గంట, ఆ తర్వాత ప్రతిసారీ రెట్టింపు, గరిష్ఠంగా ఆరు గంటలు. తయారీదారులు ఈ అంకెలను మార్చుకోవచ్చు.

ఇప్పుడు అమ్మ ఫోను సంగతి చూద్దాం. ఆమె రాత్రి తొమ్మిదికి ఫోనును బల్ల మీద పెట్టి పడుకుంటుంది. ఈ అంకెల ప్రకారం పదింటికి డోజ్ మొదలవుతుంది. పదకొండుకు ఒక మెలకువ, రెండు గంటల తర్వాత, అంటే ఒంటిగంట దాటాక ఇంకొకటి, నాలుగు గంటల తర్వాత, అంటే ఉదయం ఐదు దాటాక మరొకటి. అప్పటికి ఐదున్నర కాలేదు కాబట్టి రిమైండర్‌కు వేళ రాలేదు. తర్వాతి మెలకువ ఆరు గంటలకు, అంటే పదకొండు దాటాకే! అమ్మ 6:50కి ఫోను ఎత్తడంతో డోజ్ చెదిరి, ఆగి ఉన్న రిమైండర్ అప్పుడే బయటపడింది. మొదటి రెండు రాత్రులు ఫోను ఛార్జింగ్‌లో ఉంది. ఛార్జర్ ఉంటే డోజ్ రాదు. అందుకే ఆ రెండు రోజులూ సమయానికి మోగింది.

అన్ని చీటీలూ ఒకటి కావు

గడియారం అలారం ఇచ్చే చీటీ వేరు. దాని సమయానికి కాస్త ముందే ఫోను డోజ్ నుంచి బయటికి వచ్చేస్తుంది. ఇది కాక డోజ్‌లోనూ పనిచేసే మరో రకం ఉంది. అయితే గాఢనిద్రలో ఒక యాప్‌కు సుమారు తొమ్మిది నిమిషాలకు ఒకటికి మించి దక్కదు. మూడోది మామూలు చీటీ, ‘ఆ సమయం దాటాక వీలైనప్పుడు’ అన్న అర్థంలో.

కచ్చితమైన చీటీ ఇవ్వడానికి ఆండ్రాయిడ్ 12 నుంచి “Alarms & reminders” అనే ప్రత్యేక అనుమతి వచ్చింది. ఆండ్రాయిడ్ 14లో, కొత్తగా వేసుకునే చాలా యాప్‌లకు ఇది మొదట్లోనే ఆఫ్‌లో ఉంటుంది. గడియారం, క్యాలెండర్ వంటి యాప్‌లకు మినహాయింపు ఉంది. అమ్మ ఫోనులో చూస్తే ఈ అనుమతి ఆఫ్‌లోనే ఉంది. యాప్ చేసేది లేక మామూలు చీటీ ఇచ్చింది.

బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే తెర వెనుక ఉన్న యాప్‌లన్నిటిపైనా ఆంక్షలు ఇంకా బిగుస్తాయి. స్క్రీన్ ఆరినప్పుడు లొకేషన్ కూడా ఆగిపోవచ్చు. ‘బజారుకు చేరగానే గుర్తుచెయ్’ అని పెట్టుకున్నవి అందుకే తప్పుతాయి. ఛార్జ్ తగ్గినప్పుడు సేవర్ దానంతట అదే ఆన్ అయ్యేలా ఉందేమో కూడా చూసుకోవాలి.

అసలే రాకపోతే

ఆలస్యం కావడం వేరు, అసలు రాకపోవడం వేరు. యాప్‌ను “Force stop” చేస్తే దాని చీటీలన్నీ చిరిగిపోతాయి. మనం మళ్లీ తెరిచేదాకా అది లేవదు. కొన్ని ఫోన్లలో ఇటీవలి యాప్‌లను తుడిచేసినా, తయారీదారు సొంతంగా పెట్టిన బ్యాటరీ మేనేజరు ఆపినా దాదాపు ఇదే జరుగుతుంది. ఫోను రీస్టార్ట్ అయినా చీటీలు పోతాయి. యాప్ లేచి మళ్లీ రాసివ్వాలి. ఆటోస్టార్ట్‌ను ఆపేసిన ఫోన్లలో అది జరగదు.

కారణం ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక రాత్రి ఛార్జర్ పెట్టి, మరో రాత్రి తీసేసి చూడండి. ఛార్జర్ ఉన్న రాత్రి సమయానికి వచ్చి, లేని రాత్రి ఫోను ఎత్తగానే వస్తే అది డోజ్ పని. రెండు రాత్రులూ రాక, యాప్ తెరిచాకే మళ్లీ మొదలైతే యాప్‌ను ఎవరో ఆపేస్తున్నారన్నమాట.

చాలామంది బ్యాటరీ సెట్టింగులో యాప్‌ను “Unrestricted” చేసి వదిలేస్తారు. దానివల్ల డోజ్‌లోనూ ఇంటర్నెట్ అందుతుంది, యాప్‌ను ఆపేసే బెడద తగ్గుతుంది. కానీ యాప్ ఇచ్చేది మామూలు చీటీయే అయితే అది డోజ్‌లో అప్పటికీ ఆగుతుంది. అందుకే “Alarms & reminders” అనుమతి కూడా ఇవ్వాలి.

అమ్మ ఫోనులో ఆ రెండూ చేశాను. అయినా మాత్ర కోసం గడియారంలోనే 5:30కి రోజువారీ అలారం పెట్టి, ‘థైరాయిడ్ మాత్ర’ అని పేరు రాశాను. అలాంటి అలారం సిద్ధంగా ఉంటే సాధారణంగా స్క్రీన్ పైభాగంలో చిన్న గడియారం బొమ్మ కనిపిస్తుంది. ఇప్పుడు అమ్మ పడుకునే ముందు ఆ బొమ్మ ఉందో లేదో చూసుకుంటుంది.