క్రేనుతో దూలం ఎత్తే ప్రణాళిక

క్రేనుతో దూలం ఎత్తే ప్రణాళిక (లిఫ్ట్ ప్లాన్) అనగా ముందుగా పోత పోసిన బరువైన కాంక్రీటు దూలాన్ని క్రేనుతో ఎత్తి, వంతెన స్తంభాలపై అమర్చే పనికి ముందుగా రాసుకునే సాంకేతిక పత్రం. ఎత్తవలసిన మొత్తం బరువు ఎంత, క్రేను ఎంత దూరంలో నిలబడాలి, దాని కాళ్ల కింది నేల ఆ భారాన్ని మోయగలదా, క్రేను నడిపేవారికి సంజ్ఞలు ఎవరు ఇవ్వాలి, ఏ ప్రాంతంలోకి ఎవరూ రాకూడదు అనే విషయాలు ఇందులో ఉంటాయి. ఇవి ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. బరువు మారితే క్రేను నిలిచే చోటు మారుతుంది, చోటు మారితే నేల మారుతుంది. మన దేశంలో క్రేన్ల సురక్షిత వినియోగానికి ఐ.ఎస్. 13367 ప్రమాణం ఉంది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం (1996), దాని కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు కూడా ఎత్తే యంత్రాలకు నిబంధనలు విధించాయి.

## ప్రాంత నేపథ్యం

జగ్గయ్యపేట, నందిగామ పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని పట్టణాలు. 2022 ఏప్రిల్ 4 నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. హైదరాబాదు నుండి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నంబరు) ఈ రెండింటి మీదుగా సాగుతుంది. ఈ దారి పాలేరు, మున్నేరులతో పాటు అనేక వాగులను దాటుతుంది గనుక ఇక్కడ వంతెన పనులు సహజం.

ఈ ప్రాంతపు నేల రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. నందిగామ వైపు పత్తి పండే నల్లరేగడి ఎక్కువ. ఇది ఎండినప్పుడు రాయిలా గట్టిపడి నెర్రెలు విచ్చుతుంది, తడిసినప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి పొరలు చాలాచోట్ల పైకే ఉంటాయి. సిమెంటు కర్మాగారాలు అక్కడ వెలియడానికి కారణం ఇదే. అటువంటి చోట క్రేను కాళ్లలో ఒకటి రాతిమీద, మరొకటి మట్టిమీద పడే అవకాశం ఉంది. మట్టిమీది కాలు కుంగితే క్రేను ఒక పక్కకు ఒరుగుతుంది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు వరద నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద రహదారి మీదికి వచ్చి రాకపోకలు నిలిచిపోయాయి. ఎండాకాలంలో పరీక్షించిన వాగు ఒడ్డు వానల తరువాత అదే నేలగా ఉండదని గుర్తుంచుకోవాలి.

## బరువు

కింది లెక్కలు ఒక ఉదాహరణ. ఈ ప్రాంతంలోని ఒక వాగుపై 20 మీటర్ల పొడవైన, ముందుగా ఒత్తిడి చేసిన (ప్రీస్ట్రెస్డ్) ఐ ఆకారపు దూలాన్ని అమర్చాలనుకొందాం. నకషా ప్రకారం అందులోని కాంక్రీటు 13 ఘనపు మీటర్లు. ఇనుముతో కలిపి ఘనపు మీటరుకు 2.5 టన్నుల చొప్పున దూలం బరువు 32.5 టన్నులు. అయితే అచ్చు కొద్దిగా విచ్చుకున్నా బరువు పెరుగుతుంది. అందుకు 5 శాతం కలిపితే 34.1 టన్నులు. క్రేను కొక్కెం దిమ్మ 0.9 టన్ను, స్లింగులు, షాకిళ్లు, వాటిని విడదీసి పట్టే ఇనుప బద్దె కలిపి 2 టన్నులు. క్రేను మోయవలసిన మొత్తం 37 టన్నులు. దూలం బరువును మాత్రమే చూసి క్రేనును తెప్పించడం తరచుగా జరిగే పొరపాటు.

దూలాన్ని ఎక్కడ పట్టి ఎత్తుతారన్నది కూడా ముఖ్యమే. ఇటువంటి దూలాన్ని రెండు చివరల దగ్గర, రూపకర్త గుర్తించిన చోట్లలోనే పట్టాలి. నడిమికి దగ్గరగా పట్టి ఎత్తితే చివరలు కిందికి వేలాడి, లోపలి తీగల బిగింపుకు తోడై, దూలం పైభాగం పగులుతుంది. స్లింగుల వాలు తగ్గేకొద్దీ వాటిలో లాగుడు పెరుగుతుంది. రెండు స్లింగులు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కొక్కదానిపై 19.7 టన్నులు పడతాయి. అదే 30 డిగ్రీలయితే 34.1 టన్నులు, అంటే ఒక్కొక్క స్లింగుపై దూలం బరువంతా పడినట్లే. పైగా ఆ లాగుడు సన్నని దూలాన్ని రెండు చివరల నుండి నొక్కి పక్కకు వంచుతుంది. బద్దెను వాడేది ఇందుకే.

## వ్యాసార్థం

క్రేను తిరిగే ఇరుసు నుండి కొక్కెం వరకు నేలమీద కొలిచిన దూరాన్ని వ్యాసార్థం అంటారు. క్రేను మీద రాసిన టన్నులు అతి తక్కువ వ్యాసార్థానికి చెందినవి. దూరం పెరిగేకొద్దీ సామర్థ్యం వేగంగా తగ్గుతుంది. మన ఉదాహరణలోని 150 టన్నుల తరగతి క్రేనుకు, తయారీదారు ఇచ్చిన పట్టికలో 10 మీటర్ల వద్ద 47 టన్నులు, 12 మీటర్ల వద్ద 38 టన్నులు ఉన్నాయనుకొందాం.

వాగు పక్కన గట్టి నేల ఉన్నచోట క్రేనును నిలిపితే దూలం నడిమి వరకు 12 మీటర్లు వస్తుంది. 37 టన్నులంటే అక్కడి సామర్థ్యంలో 97 శాతం. బరువు మోయగానే బూమ్ వంగి కొక్కెం కొంత ముందుకు జరుగుతుంది గనుక, ఆ మిగిలిన 3 శాతం కూడా నిలవదు. రెండు మీటర్లు ముందుకు జరిపితే 10 మీటర్ల వద్ద 79 శాతం అవుతుంది. సామర్థ్యంలో 80 శాతం లోపునే పని ముగించడం చాలాచోట్ల పాటించే పద్ధతి. బూమ్ వంపును దృష్టిలో ఉంచుకొని, ఖాళీ కొక్కెంతో 9.5 మీటర్లు ఉండేటట్లు క్రేనును నిలపాలి.

కానీ ముందుకు జరిగిన చోట, పునాదుల కాలంలో నీటిని మళ్లించడానికి తవ్వి తరువాత పూడ్చిన కాలువ ఉంది. దగ్గరికి జరిగితే నేల చాలదు, దూరంగా నిలిస్తే క్రేను చాలదు. పట్టికలోని సామర్థ్యాన్ని ఎవరూ పెంచలేరు, నేలను మాత్రం బాగుచేయవచ్చు. కనుక ప్రణాళిక 10 మీటర్ల చోటునే ఎంచుకొని, పూడిక మట్టిని తవ్వి తీయాలని నిర్దేశిస్తుంది.

## నేల మోయగల శక్తి

ప్రతిబరువులతో కలిపి క్రేను బరువు 100 టన్నులు అనుకొంటే, ఎత్తే 37 టన్నులతో మొత్తం 137 టన్నులు. ఈ భారం నాలుగు కాళ్లకు సమానంగా పంచుకోబడదు. బూమ్ ఒక కాలి వైపు తిరిగినప్పుడు అధికభాగం ఆ ఒక్క కాలిపైనే పడుతుంది. తయారీదారు లెక్క అందనప్పుడు మొత్తంలో 75 శాతం ఒకే కాలిపై పడుతుందని తీసుకోవడం భద్రమైన అంచనా. అది సుమారు 103 టన్నులు.

క్రేను సొంత పాదం 60 సెంటీమీటర్ల చదరమయితే చదరపు మీటరుకు 286 టన్నుల ఒత్తిడి వస్తుంది. ఏ మట్టీ దీనిని భరించదు. అందుకే పాదం కింద 3 మీటర్ల చదరపు ఇనుప పలకను, దాని కింద 60 సెంటీమీటర్ల మందాన రోలరుతో అణచిన గ్రావెలు పొరను వేస్తారు. పలక బరువుతో భారం 105 టన్నులవుతుంది. గ్రావెలు పొరలో ఇది లోతుకు సగం చొప్పున ప్రతి పక్కకూ వ్యాపిస్తుందనుకొంటే, అడుగున 3.6 మీటర్ల చదరంపై పడుతుంది. ఒత్తిడి చదరపు మీటరుకు 8.1 టన్నులు, గ్రావెలు బరువు 1.2 టన్నులు, మొత్తం 9.3 టన్నులు. ఈ లెక్క పలక వంగనంత దృఢంగా ఉంటేనే నిజం. పలుచని చెక్కలు పరిస్తే అవి వంగి, నడిమి భాగం మాత్రమే భారం మోస్తుంది.

ఇక నేల సంగతి. పలక పరీక్షలో (ప్లేట్ లోడ్ టెస్ట్) ఎండిన నల్లరేగడికి చదరపు మీటరుకు 12 టన్నులు అనుమతించదగినదని తేలిందనుకొందాం. 9.3 దానికి లోపలే ఉంది. వాన పడి అదే నేల శక్తి 5 టన్నులకు పడిపోతే లెక్క తప్పుతుంది. అప్పుడు ప్రణాళిక రద్దయినట్లే. నేల ఆరేవరకు ఆగి మళ్లీ పరీక్షించాలి, లేదా మెత్తని మట్టిని గట్టి పొర వచ్చేదాకా తీసివేసి గ్రావెలు నింపాలి. అందువల్ల మంచి ప్రణాళికలో పరీక్ష జరిగిన తేదీ, ఆనాటి తేమ, వాన పడితే ఆ ఫలితం చెల్లదన్న మాట తప్పక రాస్తారు.

నేల లొంగుతున్నదనడానికి గుర్తులు ముందే కనిపిస్తాయి. పలక అంచుల చుట్టూ కొత్త నెర్రెలు, పక్క మట్టి పైకి ఉబ్బడం, నీరు ఊరడం వాటిలో కొన్ని. దూలాన్ని 10, 15 సెంటీమీటర్లు మాత్రమే ఎత్తి కొన్ని నిమిషాలు ఆపి, లెవెల్ యంత్రంతో నాలుగు పలకలనూ కొలుస్తారు. బూమ్ కొన 20 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు క్రేను 1 డిగ్రీ ఒరిగితే కొక్కెం 35 సెంటీమీటర్లు జరుగుతుంది. ముందుకు ఒరిగితే వ్యాసార్థం పెరుగుతుంది, పక్కకు ఒరిగితే బూమ్ దానికి తగని పక్క భారం మోయవలసి వస్తుంది. కుంగుడు ఆగకుండా సాగుతుంటే దూలాన్ని దించివేయాలి.

## సంజ్ఞలు

క్రేను నడిపేవారికి చాలాసార్లు దూలం రెండో చివర కనిపించదు. కనుక ఆయన ఒక్క సంజ్ఞకుని మాటనే పాటిస్తాడు. ఆ వ్యక్తి ఎవరో తెలిసేలా వేరే రంగు చొక్కా తొడుగుతారు. దూలాన్ని ఎత్తడానికి చూపుడువేలు పైకెత్తి చేతిని గుండ్రంగా తిప్పడం, దించడానికి చేతిని కిందికి చూపి తిప్పడం వంటి సంజ్ఞలు వాడుకలో ఉన్నాయి. కలాసీలు వివిధ రాష్ట్రాల నుండి, వివిధ అలవాట్లతో వస్తారు కాబట్టి, పని మొదలయ్యే ముందు అందరూ కలిసి సంజ్ఞలను చేసి చూసుకోవాలి. ఒక్క మినహాయింపు ఉంది: ఆపమన్న సంజ్ఞ ఎవరిచ్చినా పాటించాలి. వాకీటాకీ వాడితే, మాట తెగిపోయిన క్షణమే కదలిక ఆగాలి.

## నిషేధిత ప్రాంతం

దూలం బూమ్‌కు అడ్డంగా వేలాడుతుంటే దాని కొనలు క్రేను ఇరుసుకు సుమారు 14 మీటర్ల దూరంలో ఉంటాయి. గాలికి తిరిగి బూమ్ దిశలోకి వస్తే ఒక కొన 20 మీటర్లకు చేరుతుంది. కాబట్టి రెండు చివరలకు తాళ్లు కట్టి పట్టుకోవడంతో పాటు, ఈ ఉదాహరణలో 25 మీటర్ల వరకు కంచె వేయాలి. తాళ్లు పట్టేవారు కూడా దూలం కింద నడవరాదు. క్రేను వెనుక తిరిగే ప్రతిబరువు వద్ద మనిషి నలిగే ప్రమాదం ఉన్నందున అక్కడా కంచె ఉండాలి. పొలాల మోటార్లకు వెళ్ళే విద్యుత్తు తీగలు ఈ పరిధిలో ఉంటే ముందుగానే సరఫరా ఆపించాలి. రహదారి ఈ పరిధిలోకి వస్తే దూలం గాలిలో ఉన్నంతసేపూ వాహనాలను నిలిపివేయాలి.

దూలాన్ని స్తంభాలపై దించినంత మాత్రాన ఈ నిషేధం ముగియదు. సన్నని ఐ దూలం ఒంటరిగా నిలబడి ఉన్నప్పుడు పక్కకు పడిపోగలదు. 2021 జూలై 6న అనకాపల్లి వద్ద నిర్మాణంలో ఉన్న పైవంతెన దూలాలు కింద వెళ్తున్న వాహనాలపై పడి ఇద్దరు మరణించారు. ఆ దూలాలు అప్పటికే వంతెనపై అమర్చినవి. కాబట్టి దూలాన్ని రెండు వైపులా ఊతాలతో బిగించిన తరువాతే స్లింగులను విప్పాలి. పక్క దూలాలతో కలిపే అడ్డ దూలాలు పోసి గట్టిపడేవరకు దాని కింద రాకపోకలను అనుమతించరాదు.