ఎనభై నాలుగు వేల కిలోల ఐసు

షాపుకెళ్లి ఒకటిన్నర టన్ను ఏసీ కావాలని అడుగుతాం. ఆ టన్ను ఏసీ బరువు కాదు. ఐసు గడ్డలతోనే గదులనూ గిడ్డంగులనూ చల్లబరిచిన కాలం నుంచి వచ్చిన కొలత అది. అమెరికా లెక్కలో ఒక టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని లాగగలిగే యంత్రం ఒక టన్ను యంత్రం. గంటకు చూస్తే 38 కిలోల ఐసు. ఆ గంట పనిని టన్ను-గంట అంటారు. ఈ వ్యాసానికి ఈ ఒక్క కొలత తెలిస్తే చాలు.

పాల శీతలీకరణ కేంద్రాలున్న ఊళ్ల వాళ్లకు ఐసు దాచుకోవడం కొత్త కాదు. పాలు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చిపడతాయి. ఆ కాసేపటి కోసం పెద్ద కంప్రెసర్ కొనరు. చిన్నదాన్నే గంటల తరబడి నడిపి, నీళ్ల తొట్టిలో గొట్టాల చుట్టూ ఐసు కట్టిస్తారు. క్యాన్లు దిగగానే ఆ చల్లటి నీళ్లతో పాలను చల్లబరుస్తారు. దాన్ని ఐస్ బ్యాంక్ అంటారు. పెద్ద భవనాల ఏసీకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. అక్కడ వచ్చిపడేవి పాలు కావు, మనుషులు.

హైదరాబాద్‌లో ఒక షాపింగ్ మాల్ అనుకుందాం. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవే గానీ, పోకడ మాత్రం చాలా మాల్స్‌లో కనిపించేదే. మే నెలలో ఉదయం 10కి తలుపులు తెరిచేసరికి 250 టన్నుల చల్లదనం కావాలి. మధ్యాహ్నం 2 నుంచి సాయంత్రం 6 దాకా 400. ఆఫీసులు వదిలాక జనం ఎక్కువై 6 గంటలకు 450, 7కు 500, 8కి మళ్లీ 450, 9కి 400. చిక్కంతా ఆ చివరి నాలుగు గంటలతోనే. తెలంగాణలో హెచ్‌టీ వినియోగదారులకు సాయంత్రం 6 నుంచి 10 దాకా యూనిట్‌కు అదనపు చార్జీ పడుతుంది, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా రాయితీ దొరుకుతుంది. కాబట్టి మాల్ పెట్టుకోవాల్సిన లక్ష్యం ఒక్కటే: 6 నుంచి 10 దాకా చిల్లర్లు ఆగాలి, లోపల చల్లదనం మాత్రం తగ్గకూడదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 500 అన్న అంకెను పట్టుకుని లెక్క మొదలుపెట్టడం. ట్యాంకుకు కావాల్సింది గరిష్ఠ లోడు కాదు, గంటగంటకూ వేసిన కూడిక. 450, 500, 450, 400 కలిపితే 1,800 టన్ను-గంటలు. ఇంత ఐసును రాత్రి ఎనిమిది గంటల్లో కట్టాలి. ఐసు కట్టేటప్పుడు చిల్లర్ 6 డిగ్రీల నీళ్లు ఇస్తే సరిపోదు. గడ్డకట్టకుండా పాతిక శాతం గ్లైకాల్ కలిపిన నీటిని మైనస్ 5 దగ్గర పంపాలి. అంత చలికి దిగినప్పుడు యంత్రం సత్తా పడిపోయి, పగలు 100 టన్నులు ఇచ్చేది రాత్రి 70 దగ్గరే ఆగుతుంది. మాల్‌కు పగటి పూట ఎలాగూ 400 టన్నులు కావాలి కాబట్టి ఆ సైజు చిల్లరే పెడదాం. అది ఐసు పనిలో గంటకు 280 ఇస్తుంది. ఎనిమిది గంటలకు 2,240 టన్ను-గంటలు. 1,800కు ఇది చాలు. ఐసు లేకపోతే 500 టన్నుల చిల్లర్లు కొనాల్సిన చోట 400తో సరిపోయింది.

మరి ట్యాంకు 1,800దే పెడితే? కూడిక సరిపోతుంది, రాత్రి 9 గంటలకు మాత్రం సరిపోదు. ఐసు నిండుగా ఉన్నప్పుడు గ్లైకాల్ గొట్టాల పక్కనే అది కరుగుతూ వేడిని చకచకా లాగేస్తుంది. కరిగేకొద్దీ గొట్టానికీ మిగిలిన గడ్డకీ మధ్య నీటి పొర మందమవుతుంది. వేడి ఆ పొరను దాటి వెళ్లాలి. అందుకే సగానికి పైగా కరిగిన ట్యాంకు నుంచి వచ్చే గ్లైకాల్ క్రమంగా వెచ్చబడుతుంది. 9 నుంచి 10 దాకా 400 టన్నులు కావాల్సిన మాల్‌కు, అడుగున ఐసు ఉండి కూడా అంత వేగంగా చల్లదనం అందదు. తయారీదారుడు ఇచ్చే కరుగుదల పట్టికలో చూడాల్సింది మొత్తం నిల్వ కాదు, ఆఖరి గంటలో ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని టన్నులు ఇస్తుందన్నది. అందుకే మన మాల్‌కు 2,200 టన్ను-గంటల ట్యాంకు తీసుకుందాం. పూర్తిగా ఖాళీ అయిన దాన్ని నింపడానికి 7 గంటల 50 నిమిషాలు పడుతుంది, అంటే రాత్రి 10 నుంచి 6 లోపల సరిగ్గా ఇముడుతుంది.

2,200 టన్ను-గంటలు అంటే దాదాపు 84 వేల కిలోల ఐసు. ట్యాంకుల పరిమాణం సుమారు 165 ఘనపు మీటర్లు. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 33 పడతాయి. ఇదే చల్లదనాన్ని ఐసు లేకుండా చల్లటి నీళ్లుగా దాచాలంటే, ఎనిమిది డిగ్రీల తేడా మీద 160కి పైగా ట్యాంకర్ల నీళ్లు కావాలి. నగరంలో నేలమాళిగ స్థలం ఎంత విలువైనదో తెలిసినవాళ్లకు ఐసునే ఎందుకు ఎంచుకుంటారో చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. దీన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకు నచ్చదు. ఐసు కరెంటును ఆదా చేయదు, ఎక్కువ తింటుంది. చిల్లర్ ఎంత చలికి దిగితే ఒక్కో డిగ్రీకి సుమారు 3 శాతం కరెంటు ఎక్కువ లాగుతుంది. 6 నుంచి మైనస్ 5కి అంటే 11 డిగ్రీలు, మూడోవంతు అదనం. రాత్రి గాలి చల్లగా ఉండి, కూలింగ్ టవర్ నీళ్లు చల్లబడితే అందులో కొంత తిరిగొస్తుంది. పగలు టన్ను-గంటకు 0.7 యూనిట్ తీసుకునే చిల్లర్ ఐసు పనిలో 0.9 తీసుకుందనుకుందాం. సాయంత్రం నేరుగా నడిపి ఉంటే 1,260 యూనిట్లు. రాత్రి ఐసు కట్టడానికి, ట్యాంకు నుంచి కారిపోయే కొద్దిపాటి చల్లదనంతో కలిపి 1,850 టన్ను-గంటలకు 1,665 యూనిట్లు. మామూలు రేటు 8 రూపాయలనీ, సాయంత్రం ఒక రూపాయి ఎక్కువనీ, రాత్రి రూపాయిన్నర తక్కువనీ వేసుకుంటే సాయంత్రపు బిల్లు 11,340, రాత్రిది 10,822. రోజుకు మిగిలింది 518 రూపాయలు. పంపుల ఖర్చు కూడా వేస్తే ఇంకా తగ్గుతుంది. అదే చిల్లర్ రాత్రి 0.8తో నడిస్తే మిగులు 1,720. మూడు రెట్లకు పైగా! పెట్టుబడి తిరిగొస్తుందా లేదా అన్నది టారిఫ్ కంటే ఎక్కువగా ఈ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. ప్లాంటు కొనేముందు ఐసు పనిలో యూనిట్ల లెక్కను రాతపూర్వకంగా అడగమని నేను చెప్పేది అందుకే.

డిమాండ్ చార్జీలోనూ ఒక మెలిక ఉంది. సాయంత్రం చిల్లర్లు తీసుకునే 350 కిలోవాట్లు పోయాయి కాబట్టి అంతా ఆదా అనుకుంటారు. మధ్యాహ్నం 400 టన్నులకు 280 కిలోవాట్లు అలాగే ఉన్నాయి కదా! మీటరు నెలలో ఏ సమయంలోనైనా వచ్చిన అతి పెద్ద అంకెను పట్టుకుంటుంది. దీపాలూ లిఫ్టులూ రెండు పూటలా ఒకేలా ఉంటే, నిజంగా తగ్గేది 70 కిలోవాట్లే.

సైజు ఒక్కసారి తేల్చుకునేది. ఎప్పుడు, ఎంత కట్టాలన్నది ప్రతి రాత్రీ తేల్చుకోవాలి. టైమర్ పెట్టి 10 కొట్టగానే చిల్లర్ ఆన్ చేసి, ట్యాంకు నిండేదాకా నడపడం సులువైన అలవాటు. మేలో అది తప్పు కాదు, వేరే దారి లేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకూ కలిపి 1,000 టన్ను-గంటలే కావాల్సి రావచ్చు. అప్పుడు కట్టాల్సింది 1,050, పట్టే సమయం మూడు గంటల 45 నిమిషాలు. పొద్దున 6 నుంచి వెనక్కి లెక్కేసుకుని రాత్రి 2కు మొదలుపెట్టాలి. తెల్లవారుజామున కూలింగ్ టవర్ నీళ్లు అన్నిటికంటే చల్లగా ఉంటాయి, 0.9ని 0.8 వైపు దించేది ఆ గంటలే. మొదలుపెట్టాక చిల్లర్‌ను ఆపి ఆపి నడపకూడదు. పూర్తి లోడు మీద ఒకే దఫాలో పని ముగించాలి.

పగలు సోలార్ కరెంటు చౌక కదా, అప్పుడే కట్టొచ్చుగా అని ఈ మధ్య అడుగుతున్నారు. ప్రశ్న సరైనదే. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నాయి. అయితే మన మాల్ చిల్లర్లకు పగలు తీరిక లేదు. మైనస్ 5 దగ్గర ఐసు కడుతున్న యంత్రం అదే సమయంలో 6 డిగ్రీల పనిని దండగ లేకుండా చేయలేదు. పగలు కట్టాలంటే ఐసుకే వేరే చిల్లర్ కావాలి. పైగా మిట్టమధ్యాహ్నపు ఎండలో దాని సత్తా ఇంకా తగ్గుతుంది. పగలు ఖాళీగా ఉండి సాయంత్రం నిండే కల్యాణ మండపానికైతే లెక్క వేరు. అక్కడ ఇది బాగా కుదురుతుంది.

ఐసు ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుంది కాబట్టి ట్యాంకులో నీటి మట్టం పైకి వస్తుంది. పక్కనున్న మట్టం గొట్టమే నిల్వ మీటరు. నీరంతా గడ్డకట్టాక తిరిగొచ్చే గ్లైకాల్ ఉష్ణోగ్రత గబగబా పడిపోవడం మొదలవుతుంది. ఆపాల్సింది అక్కడే. ఆ తర్వాత నడిపిన ప్రతి నిమిషం మరింత చలికి ఖర్చు పెట్టిన కరెంటే. పాల కేంద్రాల తొట్లలో ఇదే అజాగ్రత్త గొట్టాల మీది ఐసు పొరల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది. మధ్యలో నీళ్లు పారే దారి మూసుకుపోయి, ఐసు నిండుగా ఉన్నా పాలు చల్లబడవు.

భవనంలో అన్నిటికంటే ఖరీదైన ప్రమాదం రాత్రి జరుగుతుంది. ఐసు కడుతున్నప్పుడు భవనం వైపు వాల్వు గట్టిగా మూసుకోకపోతే మైనస్ 5 గ్లైకాల్ ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్‌లోకి కారుతుంది. అవతలి వైపు ఉన్నది మామూలు నీరు, అది గడ్డకట్టి పలకల్ని చీల్చేస్తుంది. రాత్రి ఆ ఎక్స్‌చేంజర్ పైపు మీద చెయ్యి వేస్తే కనిపెట్టొచ్చు, వాల్వు మూసుకుని ఉంటే అది చల్లబడకూడదు.

రెండోది సాయంత్రం జరుగుతుంది. నాలుగు గంటలకు ఎవరో ఉక్కపోతగా ఉందన్నారని ఆపరేటర్ ఐసు వాల్వు కాస్త తెరుస్తాడు. రెండు గంటల్లో 300 టన్ను-గంటలు పోతాయి. 9 దాటాక ట్యాంకు చల్లదనం అందించలేకపోతుంది, పీక్ గంటల్లోనే చిల్లర్లు మొదలవుతాయి. ఆ యూనిట్లకు సాయంత్రపు అదనపు చార్జీ పడుతుంది. అందుకే లాగ్‌బుక్కులో మట్టం గొట్టం అంకెను రోజుకు మూడుసార్లు రాయించాలి: పొద్దున 6కు, సాయంత్రం 6కు, రాత్రి 10కి. మొదటి రెండు అంకెల మధ్య తేడా కొంచెమే ఉండాలి. మేలో ఆఖరిది దాదాపు అడుగుకు చేరాలి. డిసెంబరులో వారాల తరబడి ఆ ఆఖరి అంకె సగం దగ్గరే ఆగుతుంటే, అవసరానికి మించి ఐసు కడుతున్నారన్నమాట.